వినియోగ సిద్ధాంతాలు నాలుగూ ఒక్క పేజీలో: చిందరవందర క్లాస్ నోట్స్ నుంచి పోలిక టేబుల్ చేసుకునే పద్ధతి

ఎమ్మే ఎకనామిక్స్ చదివేవాళ్లు, ఎకనామిక్స్ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే. "అక్కా, నోట్స్ అంతా ఉంది, ఎస్సే రాద్దామని కూర్చుంటే మాత్రం ఏది ఎక్కడుందో దొరకట్లేదు, టేబుల్ వేసుకోమంటారు కానీ ఎలా వేసుకోవాలో ఎవరూ చెప్పరు" అని. అందుకే ఒక్క టాపిక్ తీసుకుని మొదట్నుంచి చివరిదాకా చేసి చూపిస్తున్నా. టాపిక్ వినియోగ ఫలం. కీన్స్, డ్యూసెన్‌బెరీ, మోడిగ్లియానీ, ఫ్రీడ్‌మన్ నలుగురూ ఒకే విషయం గురించి నాలుగు రకాలుగా చెప్పారు కాబట్టి టేబుల్ ప్రాక్టీస్‌కి ఇంతకన్నా మంచి టాపిక్ నాకైతే కనపడలేదు.

ముందే ఒకటి చెప్తా. టేబుల్ పాడయ్యేది నింపేటప్పుడు కాదు, గీసేటప్పుడు. చాలామంది నోట్స్ ముందేసుకుని "ప్రతిపాదకుడు, సంవత్సరం, ఊహలు, సమీకరణం, విమర్శలు" అని గళ్లు గీసేస్తారు. అవి టెక్స్ట్‌బుక్ హెడ్డింగులు. వాటితో నాలుగు సిద్ధాంతాలూ పక్కపక్కన కూర్చుంటాయి కానీ ఒకదానితో ఒకటి మాట్లాడవు. గళ్లు పుట్టాల్సింది పరీక్షలో వచ్చే ప్రశ్నల నుంచి.

1. నోట్స్ తెరవకముందు ప్రశ్నలు తీయండి

పాత పేపర్లలోంచి ఈ టాపిక్ మీద వచ్చిన ప్రశ్నలు ఒక ఐదారు ఒక కాగితం మీద రాసుకోండి. మాటలు మారతాయి కానీ అడిగేది దాదాపు మూడు రకాలే ఉంటుంది. ఒకటి, ఏ సిద్ధాంతానికి ఏ సిద్ధాంతానికి ఎక్కడ తేడా. రెండు, స్వల్పకాల వినియోగ ఫలానికీ దీర్ఘకాల వినియోగ ఫలానికీ పొంతన ఎలా కుదిరింది. మూడు, టాక్స్ తగ్గించడం లాంటి పాలసీ చేస్తే ఏ సిద్ధాంతం ప్రకారం ఏమవుతుంది.

ఈ మూడూ రాసుకున్నాక టేబుల్ దేనికోసమో క్లియర్‌గా తెలుస్తుంది. సిద్ధాంతాన్ని వర్ణించడానికి కాదు, ఒకే ప్రశ్న నలుగురినీ అడిగి జవాబులు పక్కపక్కన పెట్టడానికి.

నేను ఎమ్మే ఫస్టియర్‌లో ఇంటర్నల్‌కి ఇదే ప్రశ్న రాశాను, ఎనిమిది పేజీలు, సిద్ధాంతానికి రెండు పేజీల చొప్పున చాలా శ్రద్ధగా. పేపర్ తిరిగిస్తూ మా సార్ "నాలుగూ బాగా రాశావమ్మా, పోలిక ఎక్కడుంది?" అన్నారు. నిజంగానే ఎక్కడా లేదు. ఆ తర్వాతే ఈ పద్ధతి మొదలుపెట్టాను.

2. నోట్స్‌ని చీటీలుగా విడగొట్టండి

నోట్స్ ఎక్కడెక్కడ ఉంటుందో మీకు తెలుసు. ఒక లాంగ్ నోట్‌బుక్కు, క్లాస్ మిస్సైన రోజు ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపిన ఫోటోలు, సీనియర్ జిరాక్స్, సార్ బోర్డు మీద గీసిన గ్రాఫ్ ఫోటో, మీరే పుస్తకం మార్జిన్‌లో రాసుకున్న రెండు లైన్లు. ముందు వీటన్నిటికీ పేర్లు పెట్టండి. నోట్‌బుక్ అయితే "నో", ఫోటోలు "ఫో", జిరాక్స్ "జి", పక్కన పేజీ నంబరు. పది నిమిషాల పని, తర్వాత గంటలు మిగులుతాయి.

ఇప్పుడు చదువుకుంటూ వెళ్లి ఒక్కో చీటీ మీద ఒక్క మాటే రాయండి. ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే సరిపోతుంది, ఫోన్‌లోనో ఎక్సెల్‌లోనో చేసుకున్నా పర్లేదు. చీటీ ఇలా ఉండాలి:

ఎవరు: ఫ్రీడ్‌మన్
మాట: అనుకోకుండా వచ్చిన ఆదాయం ఎక్కువ భాగం పొదుపులోకి పోతుంది
రకం: ఫలితం
ఎక్కడ: ఫో-3

"రకం" దగ్గర నాలుగే వాడండి: ఊహ, కారణం, ఫలితం, విమర్శ. ఊహ అంటే ఆయన మొదట్లోనే అనుకున్నది, కారణం అంటే ఎందుకలా జరుగుతుంది, ఫలితం అంటే దానివల్ల డేటాలో ఏం కనపడాలి, విమర్శ అంటే ఎవరో ఆయన మీద అన్నది. ఇది ముఖ్యం. ఎందుకంటే క్లాసులో సార్ ఈ నాలుగూ ఒకే ఊపులో చెప్పేస్తారు, మనమూ ఒకే పేరాలో రాసేస్తాం, తర్వాత ఫ్రీడ్‌మన్ మీద ఎవరో చేసిన విమర్శని ఫ్రీడ్‌మనే చెప్పినట్టు ఎస్సేలో దిగబెట్టేస్తాం.

ఈ టాపిక్‌కి మామూలుగా ముప్పై నుంచి నలభై చీటీలు వస్తాయి. వంద దాటితే మీరు వాక్యాలు కాపీ చేస్తున్నారన్నమాట, ఆపి మళ్లీ చూసుకోండి.

3. అక్షరాలు సర్దండి (ఇది ఎవరూ చెయ్యరు)

టేబుల్‌లో తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. నోట్స్ నిండా Y ఉంటుంది. కానీ అన్నిచోట్లా అదే Y కాదు.

కీన్స్ దగ్గర C = a + bY అన్నప్పుడు Y అంటే ఇప్పుడు చేతికొచ్చే ఆదాయం. ఫ్రీడ్‌మన్ దగ్గర Y అంటే లెక్కలో కనపడే ఆదాయం, అందులో రెండు భాగాలు: శాశ్వత ఆదాయం Yp, తాత్కాలిక ఆదాయం Yt. వినియోగం ఆధారపడేది Yp మీద, కాబట్టి ఆయన సమీకరణం C = kYp. జీవితచక్రం దగ్గర C = aW + bY అని రాసుకుని ఉంటారు, అక్కడ W ఆస్తి, Y మాత్రం పని చేసి సంపాదించే ఆదాయం, అంటే వడ్డీలూ అద్దెలూ అందులో లేవు. ఇంకా చూడండి, కీన్స్ దగ్గర a అంటే ఆదాయం సున్నా అయినా జరిగే వినియోగం, జీవితచక్రం దగ్గర అదే a అంటే ఆస్తి ఒక రూపాయి పెరిగితే వినియోగం ఎంత పెరుగుతుందనేది. ఒకే అక్షరం, సంబంధం లేని రెండు అర్థాలు.

అందుకే టేబుల్ పైన మూలలో చిన్న పెట్టె గీసి ఏ సిద్ధాంతంలో ఏ అక్షరం ఏంటో రాయండి. అవసరమైతే అక్షరాలు మార్చుకోండి. జీవితచక్రంలో Y బదులు YL అని రాసుకుంటే గొడవే ఉండదు.

ఇంకో మాట కూడా ఇలాగే మోసం చేస్తుంది, "స్వల్పకాలం". నోట్స్‌లో "ఆదాయం పెరిగితే ఏపీసీ తగ్గుతుంది" అని ఉంటే అది ఏ డేటా గురించో అడగండి. ఒకే ఏడాదిలో పేద కుటుంబాలనీ ధనిక కుటుంబాలనీ పోల్చారా, కొన్ని సంవత్సరాల దేశపు లెక్కలు చూశారా, దశాబ్దాల లెక్కలు చూశారా. మొదటి రెండిట్లో ఏపీసీ తగ్గుతుంది, మూడోదాంట్లో దాదాపు మారదు. చీటీ మీద "కుటుంబాలు", "కొన్నేళ్లు", "దశాబ్దాలు" అని మూడిట్లో ఒకటి తప్పకుండా రాయండి. (ఏపీసీ అంటే సగటు వినియోగ ప్రవృత్తి, C/Y. ఎంపీసీ అంటే ఉపాంత వినియోగ ప్రవృత్తి, అదనంగా వచ్చిన రూపాయిలో ఖర్చయ్యే భాగం.)

4. గళ్లు గీయండి: సిద్ధాంతాలు నిలువు, ప్రశ్నలు అడ్డం

ఏ4 కాగితం అడ్డంగా పెట్టండి. నాలుగు నిలువు వరుసలు నాలుగు సిద్ధాంతాలకి: నిరపేక్ష ఆదాయం (కీన్స్, 1936), సాపేక్ష ఆదాయం (డ్యూసెన్‌బెరీ, 1949), జీవితచక్రం (మోడిగ్లియానీ, బ్రుంబెర్గ్, 1954), శాశ్వత ఆదాయం (ఫ్రీడ్‌మన్, 1957). పేరూ సంవత్సరమూ హెడ్డింగ్‌లోనే అయిపోయాయి, వాటికి వేరే గడి వద్దు.

అడ్డ వరుసలు ఆరు ప్రశ్నలు:

అ. వినియోగాన్ని నిర్ణయించేది ఏ ఆదాయం?
ఆ. మనిషి ఎటు చూసి ఖర్చు పెడతాడు?
ఇ. ఈ ఒక్క ఏడాదికే డబ్బు అదనంగా వస్తే?
ఈ. ఆదాయం పడిపోతే?
ఉ. కుజ్నెట్స్ చూపించిన లెక్కకి ఏం జవాబు చెప్తుంది?
ఊ. ఎక్కడ తడబడుతుంది?

ప్రశ్న వరుసలో ఉండటానికి అర్హత ఉందో లేదో ఎలా తెలుస్తుందంటే, నలుగురి జవాబూ ఒకటే అయితే ఆ వరుస తీసేయండి. "ఆదాయం పెరిగితే వినియోగం పెరుగుతుందా" అనే ప్రశ్నకి నలుగురూ అవుననే అంటారు, అది టేబుల్‌లో ఉంటే స్థలం దండగ. ఆరు కన్నా ఎక్కువ వరుసలు పెట్టకండి, పరీక్ష హాల్లో అంతకంటే గుర్తుండవు.

ఉ వరుస గురించి రెండు మాటలు. సైమన్ కుజ్నెట్స్ 1946లో అమెరికా లెక్కలు 1869 నుంచి తీసి చూపించాడు, దశాబ్దాలు గడుస్తూ ఆదాయం బాగా పెరిగినా ఏపీసీ మాత్రం పెద్దగా తగ్గలేదని. కీన్స్ లెక్క ప్రకారం తగ్గాలి. మిగతా మూడు సిద్ధాంతాల్నీ పక్కపక్కన పెట్టి చూసే అసలు చోటు ఈ చిక్కుముడే. ఎస్సేకి వెన్నెముక ఈ వరుస.

5. అడ్డంగా నింపండి, నిలువుగా కాదు

కీన్స్ మొత్తం నింపి తర్వాత డ్యూసెన్‌బెరీ మొత్తం, ఇలా నిలువుగా వెళ్లకండి. అలా వెళ్తే మళ్లీ నాలుగు వేర్వేరు నోట్సులే తయారవుతాయి. ఒక ప్రశ్న తీసుకోండి, నలుగురి చీటీలూ పక్కన పేర్చుకోండి, ఒకేసారి నాలుగు గళ్లూ నింపి తర్వాతి ప్రశ్నకి వెళ్లండి. గడికి పది పన్నెండు మాటలు మించొద్దు. పెన్సిల్‌తో రాయండి.

ఊహ చీటీలు అ, ఆ వరుసలకి వెళ్తాయి, ఫలితం చీటీలు ఇ, ఈ వరుసలకి, కారణం చీటీలు ఎక్కువగా ఉ వరుసకి, విమర్శలు ఊ వరుసకి. ఎక్కడా పట్టని చీటీలు మిగులుతాయి, పర్లేదు, వాటికో రబ్బర్ బ్యాండ్ వేసి పక్కన పెట్టండి.

మొదటి రెండు వరుసలు నింపాక ఇలా ఉంటుంది:

| ప్రశ్న | కీన్స్ | డ్యూసెన్‌బెరీ | మోడిగ్లియానీ | ఫ్రీడ్‌మన్ |
|---|---|---|---|---|
| ఏ ఆదాయం? | ఇప్పటి ఆదాయం | ఇతరులతో, తన పాత గరిష్ఠంతో పోల్చిన ఆదాయం | జీవితం మొత్తం సంపాదన, ఆస్తి | దీర్ఘకాలం నిలుస్తుందని ఆశించే ఆదాయం |
| ఎటు చూస్తాడు? | ఈ రోజు వైపు | పక్కింటి వైపు, వెనక్కి | ముందుకి, చివరిదాకా | ముందుకి |

రెండో వరుస ఒక్కసారి అడ్డంగా చదవండి. ఈ రోజు, పక్కకీ వెనక్కీ, ముందుకి, ముందుకి. చివరి ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారని, వాళ్ల మధ్య తేడా వేరే చోట వెతకాలని అక్కడే తెలిసిపోతుంది. తేడా ఎక్కడంటే, మోడిగ్లియానీ దగ్గర రిటైర్మెంట్ అనే గట్టి కారణం ఉంది, వయసు ముఖ్యం, ఆస్తి ముఖ్యం. ఫ్రీడ్‌మన్ దగ్గర వయసు కథ లేదు, ఏ ఆదాయం నిలుస్తుంది ఏది నిలవదు అన్నదే ప్రశ్న. నిలువుగా నింపితే ఇది ఎప్పటికీ కనపడదు.

6. ఒకే కుటుంబం మీద లెక్క వేయండి

ఇ, ఈ వరుసలు మాటలతో నింపితే అన్నీ ఒకేలా వినపడతాయి. అంకెలు పెట్టండి, సొంత అంకెలే, సులభంగా ఉండేవి. ఒక కుటుంబం ఆదాయం ఏడాదికి 6 లక్షలు అనుకుందాం. ఈ ఏడాది మాత్రమే 60,000 బోనస్ వచ్చింది.

కీన్స్: C = 1,00,000 + 0.6Y అనుకోండి. 6 లక్షలకి వినియోగం 4,60,000. బోనస్‌తో 36,000 పెరుగుతుంది. ఇదే 60,000 ప్రతి ఏడాదీ వచ్చే జీతం పెంపు అయినా మొదటి ఏడాది జవాబు అదే 36,000. ఆయన సమీకరణానికి ఆ తేడా తెలియదు.

మోడిగ్లియానీ: మనిషికి 25 ఏళ్లు, 65 దాకా పని చేస్తాడు, 85 దాకా బతుకుతాడు, ఆస్తి లేదు, వడ్డీ సున్నా అనుకోండి. 40 ఏళ్ల సంపాదన 60 ఏళ్లకి పంచాలి, అంటే ఏడాదికి 4 లక్షల వినియోగం. ఒక్కసారి వచ్చిన 60,000 కూడా 60 ఏళ్లకి పంచితే ఏడాదికి 1,000 మాత్రమే. జీతం శాశ్వతంగా 60,000 పెరిగితే 40/60 వంతు, అంటే 40,000. ఒకచోట వెయ్యి, ఇంకోచోట నలభై వేలు.

ఫ్రీడ్‌మన్: k = 0.8 అనుకోండి, Yp 6 లక్షలు, వినియోగం 4,80,000. బోనస్ తాత్కాలికం కాబట్టి వినియోగం దాదాపు కదలదు. ఏపీసీ మాత్రం 4.8/6.6, అంటే సుమారు 0.73కి పడుతుంది. జీతమే శాశ్వతంగా పెరిగితే వినియోగం 48,000 పెరిగి ఏపీసీ మళ్లీ 0.8 దగ్గరే ఉంటుంది. ఈ రెండు లైన్లలోనే కుజ్నెట్స్ చిక్కుముడికి ఫ్రీడ్‌మన్ జవాబు ఉంది. కొన్నేళ్ల లెక్కల్లో ఆదాయపు హెచ్చుతగ్గులు చాలావరకు తాత్కాలికం కాబట్టి ఏపీసీ తగ్గినట్టు కనపడుతుంది, దశాబ్దాల లెక్కల్లో పెరుగుదల శాశ్వతం కాబట్టి కదలదు.

డ్యూసెన్‌బెరీ: ఇక్కడ గడి వెంటనే నిండదు, నిండకపోవడమే మంచిది. ఆయన అడిగే ప్రశ్న "తాత్కాలికమా శాశ్వతమా" కాదు, "పక్కవాళ్లకీ వచ్చిందా" అని. అందరికీ అదే నిష్పత్తిలో పెరిగితే ఈ కుటుంబం స్థానం మారలేదు, ఏపీసీ అలాగే ఉంటుంది. వీళ్లకొక్కళ్లకే వస్తే స్థానం పెరిగింది, ఏపీసీ తగ్గుతుంది. గడిలో ఇదే రాయండి.

ఇప్పుడు ఆదాయం 5 లక్షలకి పడింది అనుకోండి. కీన్స్ దగ్గర వినియోగం 4 లక్షలకి దిగుతుంది, ఎక్కినంత సులువుగా దిగుతుంది. ఫ్రీడ్‌మన్ దగ్గర ఈ తగ్గుదల తాత్కాలికమైతే 4,80,000 అలాగే ఉండి ఏపీసీ 0.96 అవుతుంది. డ్యూసెన్‌బెరీ దగ్గర పాత గరిష్ఠం 6 లక్షలు గుర్తుండిపోతుంది, అలవాటైన ఖర్చు తగ్గించుకోలేరు, వినియోగం కొంచెమే తగ్గుతుంది. దీన్నే రాచెట్ ఎఫెక్ట్ అంటారు. చూడండి, డ్యూసెన్‌బెరీకీ ఫ్రీడ్‌మన్‌కీ ఈ గడిలో ఫలితం దగ్గరగా వచ్చింది కానీ కారణాలు పూర్తిగా వేరు, ఒకరిది అలవాటు, ఇంకొకరిది భవిష్యత్తు అంచనా. ఎస్సేలో ఈ ఒక్క పాయింట్ రాస్తే చాలు, మీకు సిద్ధాంతాలు నిజంగా తెలుసని దిద్దేవాళ్లకి అర్థమవుతుంది.

7. ఖాళీ గళ్లని చెరపకండి, గుర్తు పెట్టండి

ఖాళీ గడి మూడు కారణాల వల్ల వస్తుంది, మూడిటికీ వేర్వేరు గుర్తులు పెట్టండి.

"?" అంటే జవాబు ఉంది, నా నోట్స్‌లో లేదు. పుస్తకం తెరిచి నింపాలి.
"—" అంటే ఆ సిద్ధాంతం ఆ ప్రశ్నకి జవాబు చెప్పదు.
"నా" అంటే నోట్స్‌లో లేదు, నేనే తర్కంతో రాశాను. పుస్తకంలో చూశాకే ఈ గుర్తు తీసేయాలి.

ఉ వరుసలో కీన్స్ గడి "—". 1936లో రాసిన ఆయన దగ్గర 1946 లెక్కకి జవాబు ఉండదు, పైగా ఆ చిక్కు పుట్టిందే ఆయన సిద్ధాంతం వల్ల. ఈ గడిలో ఏదో ఒకటి ఉండాలని "దీర్ఘకాలంలో ఏపీసీ స్థిరం" అని కీన్స్ కింద రాసేసినవాళ్లని చూశాను, అది నేరుగా తప్పు.

అదే వరుసలో మోడిగ్లియానీ గడి చాలామంది నోట్స్‌లో "?". దాన్ని ఇలా నింపండి: C = aW + bY ని Y తో భాగిస్తే ఏపీసీ = a(W/Y) + b. కొన్నేళ్లలో ఆదాయం పెరిగినంత ఆస్తి పెరగదు, W/Y తగ్గుతుంది, ఏపీసీ తగ్గుతుంది. దశాబ్దాల్లో ఆస్తీ ఆదాయంతో పాటే పెరుగుతుంది, W/Y మారదు, ఏపీసీ కూడా మారదు.

8. ఊ వరుస: విమర్శకి ఎదురుగా ఒక ఉదాహరణ

విమర్శలు పదేసి రాసుకోవద్దు. సిద్ధాంతానికి ఒక్కటి, దాని పక్కన అది కనపడే ఒక్క సంఘటన.

కీన్స్‌కి: రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, ఆదాయాలు పెరిగి జనం ఎక్కువ పొదుపు చేస్తారు, గిరాకీ చాలదు, మాంద్యం వస్తుంది అని ఆయన బాటలో కొందరు అంచనా వేశారు, రాలేదు. మోడిగ్లియానీకి: సిద్ధాంతం చెప్పినంతగా వృద్ధులు దాచుకున్నది ఖర్చు పెట్టట్లేదు, పిల్లలకి ఉంచాలనీ జబ్బుల భయంతోనూ దాచుకుంటారు. మన ఇళ్లలోనే చూస్తాం కదా ఇది. డ్యూసెన్‌బెరీకి: మనిషి పక్కకీ వెనక్కీ చూస్తాడు కానీ రేపటి ఆదాయం గురించిన ఆశ ఎక్కడా రాదు. ఫ్రీడ్‌మన్‌కి: శాశ్వత ఆదాయం నేరుగా కొలవలేం, పైగా అప్పు పుట్టని పేద కుటుంబం రేపటి ఆదాయం తల్చుకుని ఈ రోజు ఖర్చు పెట్టలేదు.

ఫ్రీడ్‌మన్‌ని సమర్థించే ఉదాహరణ కూడా ఒకటి పెట్టుకోండి. 1968లో అమెరికాలో ఆదాయపు పన్ను మీద 10 శాతం తాత్కాలిక సర్‌చార్జ్ వేశారు, వినియోగం తగ్గుతుందని ఆశించారు, ఆశించినంత తగ్గలేదు, జనం పొదుపు తగ్గించుకున్నారు. తాత్కాలికమని అందరికీ తెలుసు కాబట్టి.

మన వైపు ఉదాహరణ కావాలంటే పీఎం కిసాన్ తీసుకోండి. ఏడాదికి 6,000, మూడు విడతల్లో 2,000 చొప్పున. ప్రతి ఏడాదీ వస్తుందని రైతు నమ్మితే అది శాశ్వత ఆదాయంలో భాగం, నమ్మకపోతే తాత్కాలికం. మిర్చి రేటు ఒక్క సీజన్ పెరగడం వల్ల వచ్చిన డబ్బు మాత్రం తాత్కాలికమే. ఫ్రీడ్‌మన్ స్వయంగా రైతు కుటుంబాల గురించి రాశాడు: వాళ్ల ఆదాయంలో తాత్కాలిక హెచ్చుతగ్గులు ఎక్కువ కాబట్టి వాళ్ల లెక్కల్లో ఎంపీసీ తక్కువ కనపడుతుందని. ఈ ఉదాహరణ మీ టేబుల్‌లో చక్కగా కూర్చుంటుంది, కింద "నా" అని గుర్తు పెట్టి కిసాన్ సంగతి విడిగా రాయండి, ఎందుకంటే అది మీ అన్వయం, ఫ్రీడ్‌మన్ మాట కాదు.

9. వరుస నుంచి పేరా తీయడం

టేబుల్ పూర్తయ్యాక ఎస్సేలో ఒక్కో అడ్డ వరుస ఒక్కో పేరా అవుతుంది. ఇ వరుస పేరాగా మారితే ఇలా ఉంటుంది:

"తాత్కాలిక ఆదాయం విషయంలో ఈ సిద్ధాంతాలు స్పష్టంగా విడిపోతాయి. కీన్స్ ప్రకారం ఆదాయం ఎలా వచ్చినా వినియోగం ఒకే మేరకు పెరుగుతుంది. ఫ్రీడ్‌మన్, మోడిగ్లియానీ దీన్ని ఒప్పుకోరు, ఎందుకంటే ఇద్దరి దృష్టిలోనూ మనిషి ఆ మొత్తాన్ని దీర్ఘకాలానికి పరుచుకుంటాడు. డ్యూసెన్‌బెరీ మాత్రం ప్రశ్ననే మారుస్తాడు: ఆ ఆదాయం వల్ల సమాజంలో కుటుంబం స్థానం మారిందా లేదా అన్నదే ముఖ్యం."

నాలుగు వాక్యాల్లో నలుగురూ వచ్చారు, "ఒప్పుకోరు, ఎందుకంటే", "మాత్రం" అనే మాటలు పోలికని మోస్తున్నాయి. మీ పేరాలో ఇలాంటి కలిపే మాట ఒక్కటీ లేకపోతే మీరు మళ్లీ వర్ణనలోకి వెళ్లిపోయినట్టే.

10. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

గళ్లు వాక్యాలతో నిండి కాగితం దాటిపోవడం: ఆ గడిలో రెండు రకాల చీటీలు కలిసిపోయాయి. ఎక్కువగా ఫలితంతో పాటు విమర్శ దూరుతుంది, విమర్శని కిందికి పంపండి.

మోడిగ్లియానీ, ఫ్రీడ్‌మన్ గళ్లు అన్నీ ఒకేలా రావడం: ఆస్తి, వయసు అనే మాటలు ఒక దాంట్లోనన్నా ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మోడిగ్లియానీ చీటీలు సరిగా తీయలేదు.

రాచెట్ ఎఫెక్ట్‌నీ ప్రదర్శన ప్రభావాన్నీ కలిపేయడం: ప్రదర్శన ప్రభావం పక్కవాళ్లని చూసి, రాచెట్ తన పాత గరిష్ఠాన్ని చూసి. మొదటిది కుటుంబాల లెక్కకి జవాబు, రెండోది కొన్నేళ్ల లెక్కకి జవాబు. ఒకే గడిలో పెట్టినా రెండు లైన్లుగా పెట్టండి.

ఎంపీసీ స్థిరంగా ఉంది కాబట్టి ఏపీసీ కూడా స్థిరం అనుకోవడం: పైన కీన్స్ అంకెలతోనే సరిచూడండి. 6 లక్షల దగ్గర ఏపీసీ 0.77 వస్తుంది, 10 లక్షల దగ్గర 0.7. ఎంపీసీ రెండు చోట్లా 0.6.

11. రివిజన్ ఎలా

టేబుల్ ఫెయిర్ కాపీ ఒక్కసారే రాయండి. తర్వాత రోజూ ఒక ఖాళీ కాగితం మీద ఆరు ప్రశ్నలూ నాలుగు పేర్లూ మాత్రం రాసి, చూడకుండా ఒక్క వరుస నింపండి. ఏ గడి దగ్గర చేయి ఆగుతుందో అక్కడ చుక్క పెట్టండి. మూడు రోజుల్లో చుక్కలు రెండు మూడు గళ్ల దగ్గరే పోగవుతాయి, చాలామందికి ఉ వరుసలో మోడిగ్లియానీ గడి దగ్గర. మర్నాటి చదువు ఆ గళ్లే.

పరీక్షకి ముందు రోజు ఇవి చూసుకోండి:

☐ ప్రతి అడ్డ వరుసలో కనీసం రెండు వేర్వేరు జవాబులు ఉన్నాయా
☐ అక్షరాల పెట్టె ఉందా, YL, Yp, Y వేరుగా ఉన్నాయా
☐ ఏపీసీ అన్న ప్రతిచోటా "కుటుంబాలు / కొన్నేళ్లు / దశాబ్దాలు" రాశానా
☐ "?" గుర్తులన్నీ పోయాయా
☐ "—" గళ్లు "—" గానే ఉన్నాయా
☐ "నా" గుర్తున్న మాటలు ఏవో తెలుసా
☐ ఇ, ఈ వరుసల అంకెలు చూడకుండా వేయగలనా
☐ ఉ వరుసని ఐదు వాక్యాల్లో చెప్పగలనా

చివరిది నోటితో చెప్పి చూడండి, పక్కన ఎవరైనా ఉంటే వాళ్లకి చెప్పండి. ఏ వాక్యం దగ్గర "అదే... అంటే..." అని ఆగారో ఆ గడి ఇంకా నిండలేదు, దాని చీటీ తీసి మళ్లీ చదవండి.